ఒత్తు ఎక్కడ కూర్చోవాలి? సీసపు అచ్చు నుంచి ఫోన్ స్క్రీన్ దాకా తెలుగు అక్షరం

ముందు ఒక చిన్న లెక్క. మా ఏరియా పేరు తీసుకుందాం: మన్సూరాబాద్. ఈ పదంలో ఎన్ని అక్షరాలున్నాయి?

స్కూల్లో తెలుగు టీచర్‌ని అడిగితే మ, న్సూ, రా, బా, ద్ అని విడగొడతారు. పైథాన్‌ని అడిగితే 11 అంటుంది. నలభై ఏళ్ల కిందట సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్‌ని అడిగితే 6 ముక్కలు అనేవాడు: మ, నూ, స ఒత్తు, రా, బా, ద్. మూడూ కరెక్టే. కానీ కంపోజిటర్ చెప్పిన జవాబులో ఒక వింత ఉంది. మనం పలికేది "న్సూ", అంటే దీర్ఘం సకారానిది. ఆయన చేతిలోకి తీసుకున్న ముక్క మాత్రం "నూ". స ఒత్తు దాని తర్వాత వేరే ముక్కగా వచ్చింది.

ఈ వింతని పట్టుకుని వెళ్తే తెలుగు ముద్రణ చరిత్రలో ఒక మంచి భాగం అర్థమవుతుంది. అక్షరం మీదా కిందా పేరుకునే మన లిపి, నలుచదరపు సీసం ముక్కల్లో ఎలా సర్దుకుంది? ఆ సర్దుబాట్లలో ఏవి మన ఫోన్ల దాకా వచ్చాయి, ఏవి దారిలో రాలిపోయాయి? ఈ వ్యాసంలో అన్నీ చెప్పను. ఒత్తు, వలపలగిలక, ఈ రెండింటినే చూద్దాం.

సీసం ముక్క ఎలా పుట్టేది

అచ్చు అక్షరం తయారీలో మూడు మెట్లు. మొదట గట్టి ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. దాన్ని పంచ్ అంటారు. ఒక అక్షరానికి ఒక పంచ్, అదీ అసలు సైజులోనే. 12 పాయింట్ల అక్షరం అంటే మొత్తం ఎత్తు అంగుళంలో ఆరో వంతు, అంటే 4 మిల్లీమీటర్లు దాటి కొంచెం. అంత చిన్న చోట ఆకురాయితో, ఉలితో "క్ష" చెక్కాలని ఊహించుకోండి.

రెండో మెట్టు: ఆ పంచ్‌ని మెత్తటి రాగి ముక్క మీద పెట్టి కొడితే గుంట పడుతుంది. అది మాట్రిక్స్, అంటే అచ్చు గుంట. మూడోది: ఆ గుంటని ఒక మూసకి బిగించి, సీసం, ఆంటిమొని, తగరం కలిపి కరిగించిన లోహాన్ని పోస్తారు. చల్లారాక ఒక ముక్క వస్తుంది. సుమారు 23 మిల్లీమీటర్ల పొడుగు, పైకొసన తిరగేసిన అక్షరం. ఇలా ఒక్క మాట్రిక్స్ నుంచి వేల ముక్కలు పోయొచ్చు.

మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే పంచ్ సోర్స్ కోడ్ లాంటిది, సీసం ముక్కలు బిల్డ్ లాంటివి. ఇది సరదా పోలిక మాత్రమే కాదు. బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్‌లో 1812 మార్చి 11న పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఎన్నో భారతీయ లిపుల సీసపు అక్షరాలు కరిగి ముద్దైపోయాయి. కానీ శిథిలాల్లో పంచ్‌లు, మాట్రిక్స్‌లు చాలావరకు బాగానే దొరికాయి. కరిగిన సీసాన్నే మళ్లీ పోసి పని మొదలుపెట్టారు. రెండేళ్లకే, 1814లో, విలియం కేరీ తెలుగు వ్యాకరణం అదే ప్రెస్‌లో అచ్చయింది.

అప్పటికి తెలుగు అచ్చు కొత్తేమీ కాదు. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ స్వదేశం వెళ్లాక, 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో చిన్న చిన్న తెలుగు మతపుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పుకునేవి ఇవే. 1816లో మద్రాసులో ఏ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వచ్చింది. సెయింట్ జార్జి కోట కాలేజీ ప్రెస్‌లో అచ్చయింది.

ఈ పేర్లలో ఒక విషయం గమనించండి. హాలేలో అక్షరాలు తయారుచేసిన పనివాళ్లకి తెలుగు మాతృభాష కాదు. శ్రీరాంపూర్ పంచ్ పనికి పునాది వేసిన పంచానన్ కర్మకార్ బెంగాలీ కమ్మరి. అంటే మన అక్షరాల తొలి లోహరూపాలు తెలుగు రాయని చేతుల మీదుగా వచ్చాయి. వాళ్ల ముందున్న మూలం చేతిరాత ప్రతులు. ఆ చేతిరాతకి వెనక తాటాకు, గంటం ఉన్నాయి. గంటం గీత మందం మారదు, పైగా ఆకు ఈనె వెంబడి తిన్నటి గీత గీస్తే ఆకు చీలుతుంది. అందుకే గుండ్రటి, ఒకే మందం గీతలు మనకి అలవాటయ్యాయని అంటారు. ఇప్పుడు ఆ గుండ్రటి గీతలు నలుచదరపు ముక్కలోకి వెళ్లాలి.

అసలు చిక్కు: మూడంతస్తుల అక్షరం

ఇంగ్లీష్ అక్షరాలు ఒక వరుసలో పక్కపక్కనే నిలబడతాయి. మన అక్షరం మూడంతస్తుల ఇల్లు. పైన తలకట్టు, గుడి, ఏత్వం. మధ్యలో హల్లు. కింద ఒత్తు. ఒక్కోసారి కింద రెండు ఒత్తులు. "రాష్ట్రం" చూడండి, ష కింద ట, దానికి ర. సర్కారీ బోర్డు ప్రతిదాని మీదా కనిపించే పదమే ఇది.

దీన్ని సీసంలో చేయడానికి మొదట తట్టే దారి: ప్రతి కలయికకీ ఒక ముక్క పోసేయడం. లెక్క వేద్దాం. హల్లులు 35 అనుకోండి, ఒత్తులు 35. కలిపితే 1,225 జంటలు. ఒక్కోదానికి 13 గుణింతాలు వేస్తే 15,925. రెండు ఒత్తులవి ఇంకా లెక్కలోకే రాలేదు. వీటిలో చాలావాటిని భాష ఎప్పుడూ వాడదు, నిజమే. అయినా వాడేవే చాలా ఎక్కువ. ఒక మనిషి నిలబడి చెయ్యి చాస్తే అందేంత కేసులో అవి పట్టవు.

రెండో దారి: గుణింతాన్ని, ఒత్తుని విడదీయడం. హల్లు × గుణింతం అంటే 35 × 13 = 455. ఒత్తులు విడిగా 35. మొత్తం 490. ఇది కష్టమే కానీ కేసుల్లో పట్టించగలిగేది. 15,925 నుంచి 490కి దిగాం.

గుణింతాన్ని కూడా ఎందుకు విడగొట్టలేదు, హల్లు వేరు గుడి వేరు పెడితే ఇంకా తగ్గేది కదా అనొచ్చు. తెలుగులో గుడి వస్తే తలకట్టు పోతుంది. క మీద ✓ లాంటి గుర్తు తీసేసి ఆ చోటే గుడి వేస్తాం. సీసంలో "తీసేయడం" ఉండదు. ఉన్న ముక్క పక్కన ఇంకో ముక్క పెట్టడమే ఉంటుంది. పైగా మి, యి లాంటి వాటిలో గుడి రూపమే వేరు. అందుకే గుణింతాన్ని వీలైనంత నిండు ముక్కగా పోయడమే శుభ్రమైన పని.

ఇప్పుడు మన వింతకి జవాబు దొరికింది. కేసులో "నూ" ఉంది, "స ఒత్తు" ఉంది. "న్సూ" లేదు. కంపోజిటర్ దీర్ఘాన్ని కళ్లకి కనిపించే చోటు బట్టి, అంటే నకారంతో కలిపి తీసుకున్నాడు. పలికే వరుస ఒకటి, పేర్చే వరుస ఇంకొకటి.

ఒత్తు కుడికి ఎందుకు జరిగింది

విడిగా పోసిన ఒత్తుని ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? చేతిరాతలో అయితే అక్షరం కిందే. సీసంలో "కింద" అంటే అదే ముక్క ఒంట్లో ఉండాలి, లేదా కింద ఇంకో వరుస వేయాలి. ప్రతి లైన్ కింద ఒత్తుల కోసం వేరే సన్న వరుస పేర్చితే, ఒత్తు లేని చోటల్లా ఖాళీ ముక్కలు నింపాలి. పని రెట్టింపు.

అందుకని ఒత్తు పక్క ముక్కగా మారింది. దాని అక్షరం ముక్క అడుగు భాగంలో మాత్రమే చెక్కి ఉంటుంది, పైభాగం ఖాళీ. దాన్ని హల్లు తర్వాత పెడితే అచ్చులో కుడివైపు, కొంచెం కిందగా కనిపిస్తుంది. మరీ దూరమైపోకుండా ఒక ఉపాయం ఉంది. ఒత్తు ఎడమ అంచుని ముక్క ఒంటి బయటికి తోకలా పొడిచేలా పోస్తారు. ఆ తోక పక్కనున్న హల్లు ముక్క అడుగున ఉన్న ఖాళీ భుజం మీద వాలుతుంది. ప్రెస్ భాషలో ఆ తోకని కెర్న్ అంటారు. ఇప్పుడు మన ఫాంట్ సాఫ్ట్‌వేర్‌లో వాడే "కెర్నింగ్" మాటకి మూలం ఇదే.

చైతన్యపురి వైపు పెళ్లికార్డుల షాపు నడిపే ఒక పెద్దాయన ఒకప్పుడు చేత్తో కంపోజింగ్ చేశారు. ఏ అక్షరాలు త్వరగా పాడయ్యేవి అంకుల్ అని అడిగితే ఆలోచించకుండా చెప్పారు: "ఒత్తులే ముందు విరుగుతుండె బేటా. నిండు అక్షరానికేం గాదు. తోక బయటికున్నదే పోతది. మిషన్ ఒత్తిడి దానికి కింద ఆసరా ఉండదు గదా." ఎక్కువ కాపీలు వేసే పనికి ఒత్తులు అదనంగా పెట్టుకునేవాళ్లమని కూడా అన్నారు.

ఆయన చెప్పినదాంట్లో మెకానిక్స్ మొత్తం ఉంది. సీసం మెత్తన. ఆసరా లేని చోట ప్రెస్ బరువు పడితే తోక విరుగుతుంది. విరగకూడదంటే తోక చిన్నదవ్వాలి. తోక చిన్నదైతే ఒత్తు హల్లు కిందకి దూరలేదు, కుడికే ఉండిపోతుంది. ఆపైన ఎత్తు సమస్య ఒకటి. మూడంతస్తులూ ఒకే 12 పాయింట్లలో పట్టాలంటే మధ్య అంతస్తు కుదించాలి. ఒత్తుని పక్కకి తెచ్చి కాస్త పైకి లేపితే హల్లుకి చోటు మిగులుతుంది. రెండు కారణాలూ ఒకే దిక్కుకి తోశాయి.

అన్ని ఒత్తులూ ఒకేలా ఇబ్బంది పెట్టలేదు. "చైతన్యపురి"లో య ఒత్తు ఎలాగూ కుడి పక్కన సొంత చోటు తీసుకునేదే, సీసానికి అది సులువు. ర ఒత్తు, అంటే క్రారవడి, మాత్రం మొండిది. అది హల్లు ఎడమ పక్క నుంచి మొదలై కింద చుట్టుకుంటుంది. "ప్ర" రాసి చూడండి. పలకడంలో రెండోది, కొందరి చేతిరాతలో చోటు ప్రకారం మొదటిది. అందుకే క్రారవడి రూపం పుస్తకానికీ పుస్తకానికీ, ఫాంటుకీ ఫాంటుకీ ఇప్పటికీ మారుతుంటుంది. కొన్నిట్లో ఎడమ నుంచి పెద్దగా చుట్టుకుంటుంది, కొన్నిట్లో కింద చిన్న కొక్కెంలా ఉంటుంది.

పాత పుస్తకం చేతికొస్తే ఇవన్నీ మీరే చూడొచ్చు. సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి లైబ్రరీలో పాత ప్రతి అడిగి, కాగితం వెనకవైపు వేలితో మెల్లగా తడిమి చూడండి. లోహపు అచ్చు అయితే చాలాసార్లు అక్షరాల ఒత్తిడి చేతికి తగులుతుంది. తర్వాత ఒత్తులు చూడండి. హల్లుకీ ఒత్తుకీ మధ్య సన్నటి తెల్ల సందు, అంచు తెగిన త ఒత్తు, లైన్ మధ్యలో కొంచెం వాలిన ముక్క కనిపిస్తే అవి సీసం వదిలిన గుర్తులు.

రాలిపోయినది: వలపలగిలక

ఒత్తు చోటు మార్చుకుని బతికింది. వలపలగిలక పూర్తిగా పోయింది.

ఇది ఏంటంటే, హల్లు ముందు పొల్లు ర వస్తే, ఆ ర-ని హల్లు తర్వాత కుడివైపు ఒక గిలకలా రాసేవారు. వలపల అంటే కుడివైపు. "కర్మ" అనడానికి క, మ రాసి, మ పక్కన ౯ లాంటి గుర్తు. 19వ శతాబ్దపు తెలుగు పుస్తకాల్లో ఇది మామూలు. కంపోజిటర్ కోణంలో చూస్తే నిజానికి చాలా సుఖమైన గుర్తు. ఒక్క ముక్క, ఏ హల్లు తర్వాతైనా పెట్టొచ్చు, తోక అక్కర్లేదు, కింద చోటు అక్కర్లేదు. మనం ఇప్పుడు రాసే "ర్మ"కి ర నిండుగా రాసి కింద మ ఒత్తు పెట్టాలి.

అయినా 20వ శతాబ్దంలో తెలుగు అచ్చు రెండోదాన్నే ఎంచుకుంది. మన అక్కచెల్లెలు లిపి కన్నడ మొదటిదాన్ని ఉంచుకుంది. బెంగళూరు బోర్డుల మీద ఇప్పటికీ ఆ గిలక కనిపిస్తుంది. రెండు లిపులూ ఒకప్పుడు ఒక్కటే. కాబట్టి సీసం వలపలగిలకని చంపిందని చెప్పలేం. సీసానికి అది అడ్డు కాదు. పలికే వరుసలో రాయాలా, పాత అలవాటులో రాయాలా అనే దగ్గర రెండు భాషల అచ్చులూ రెండు దారులు పట్టాయి. ఒకసారి కేసుల్లో, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాక ఆ ఎంపికే "సరైన రాత" అయిపోయింది.

ఇది చరిత్రతో అయిపోయే విషయం కాదు. ఎవరైనా పాత పుస్తకాన్ని డిజిటైజ్ చేస్తూ, వలపలగిలక కీబోర్డులో దొరక్క, చూడ్డానికి అలాగే ఉందని తెలుగు తొమ్మిది అంకె ౯ టైప్ చేశారనుకోండి. ఇలా చేసినవి నెట్‌లో చాలా కనిపిస్తాయి. అప్పుడేమవుతుందో చూడండి:

```python
a = "కర్మ"
b = "కర్\u200dమ"
c = "కమ౯"
print(a == b.replace("\u200d", ""))  # True
print(a == c)                        # False
print(c[-1].isdigit())               # True
```

`c` కంటికి పాత పుస్తకంలాగే ఉంటుంది. కానీ కంప్యూటర్‌కి అది "కమ" తర్వాత ఒక అంకె. "కర్మ" అని వెతికితే ఆ పేజీ ఎప్పటికీ దొరకదు. పుస్తకం ఆన్‌లైన్‌లో ఉంటుంది, ఉండీ లేనట్టే. `b` సరైన దారి. ర, పొల్లు, తర్వాత `U+200D`, అంటే జీరో విడ్త్ జాయినర్ అనే కనబడని గుర్తు, తర్వాత మ. ఫాంటులో వలపలగిలక బొమ్మ ఉంటే స్క్రీన్ మీద పాత రూపం వస్తుంది. లేకపోతే గిలక కనిపించదు, అంతే. ఎలా కనిపించినా లోపల పదం మాత్రం "కర్మ"నే. వెతికే ప్రోగ్రామ్ ఆ కనబడని గుర్తుని పక్కనపెడితే చాలు.

స్క్రీన్ లోపల కూర్చున్న కంపోజిటర్

ఇప్పుడు మన్సూరాబాద్‌కి తిరిగొద్దాం. యూనికోడ్‌లో అది ఇలా ఉంటుంది:

```
మ    న    ్    స    ూ    ర    ా    బ    ా    ద    ్
0C2E 0C28 0C4D 0C38 0C42 0C30 0C3E 0C2C 0C3E 0C26 0C4D
```

11 కోడ్లు, పలికే వరుసలో. దీర్ఘం `0C42` సకారం తర్వాత ఉంది, న్యాయంగా ఉండాల్సిన చోటే. మరి స్క్రీన్ మీద అది న మీదికి ఎలా వెళ్లింది?

ఆ పని షేపింగ్ ఇంజిన్‌ది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్. అది ముందు "న్సూ"ని ఒక కట్టగా గుర్తిస్తుంది. మొదటి హల్లు న నిండుగా నిలబడుతుంది. పొల్లు + స కలిసి స ఒత్తు అవుతుంది. తర్వాత ఆ కట్టలో అచ్చు గుర్తుని ఒత్తు ముందుకి జరుపుతుంది. అంటే వరుస ఇప్పుడు న, ూ, స ఒత్తు. ఆపైన ఫాంటు చేతికిస్తే అది "నూ" బొమ్మ వేసి, పక్కన ఒత్తు పెడుతుంది.

అచ్చం కంపోజిటర్ చేసిన పనే! "నూ" ముక్క, తర్వాత "స ఒత్తు" ముక్క. తేడా ఏంటంటే, ఆయన తలలో జరిగిన మార్పు ఇప్పుడు కోడ్‌లో జరుగుతోంది. మనం పలికే వరుసలో టైప్ చేస్తాం, యంత్రం పేర్చే వరుసలోకి మారుస్తుంది.

వలపలగిలక విషయంలో కూడా ఆ చరిత్ర కోడ్‌లో కనిపిస్తుంది. హార్ఫ్‌బజ్ సోర్స్‌లో లిపులకి ఒక పట్టిక ఉంటుంది. అందులో ఈ గిలకకి సంబంధించిన సెట్టింగ్ కన్నడకి `REPH_MODE_IMPLICIT`, తెలుగుకి `REPH_MODE_EXPLICIT`. అంటే కన్నడలో ర, పొల్లు, హల్లు వస్తే అడక్కుండానే గిలక. తెలుగులో జాయినర్ పెట్టి ప్రత్యేకంగా అడిగితేనే గిలక. వందేళ్ల కిందట ప్రెస్సుల్లో స్థిరపడిన తేడా ఇప్పుడు రెండు ఇంగ్లీష్ మాటలుగా ప్రతి ఫోన్‌లోనూ ఉంది.

ఇంకో లోకల్ ఉదాహరణ. "దిల్‌సుఖ్‌నగర్" సరిగ్గా రావాలంటే ల్, ఖ్ తర్వాత `U+200C`, అంటే కలపొద్దని చెప్పే జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. పెట్టకపోతే "దిల్సుఖ్నగర్" అవుతుంది, ల కింద స, ఖ కింద న. సీసంలో ఈ గొడవ లేదు. కంపోజిటర్‌కి ల్ ముక్క కావాలో, ల ముక్క, స ఒత్తు కావాలో చేతితోనే నిర్ణయించేవాడు. ఆ నిర్ణయాన్నే మనం కనబడని గుర్తుగా టైప్ చేస్తున్నాం.

డిజైనర్లు ఏం ఉంచారు, ఏం మార్చారు

సీసం పోయింది. తోక విరుగుతుందన్న భయం లేదు. ఒత్తుని మళ్లీ హల్లు కిందకి తోసేయొచ్చు. మరి ఎందుకు తోయలేదు?

ఎక్కువమంది డిజైనర్లు కుడికి జరిగిన ఒత్తునే ఉంచారు. ఎందుకంటే నాలుగైదు తరాల కళ్లు దానికే అలవాటుపడ్డాయి. పైగా ఎత్తు సమస్య సీసంతో పోలేదు. బటన్లు, నోటిఫికేషన్లు, బస్సు బోర్డులు, అన్నీ లైన్ ఎత్తు తక్కువ ఉన్న చోట్లే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, ఆర్.కె. జోషి బృందం చేసినది, మనలో చాలామంది ఇళ్లలో తెలుగు మొదట కనిపించిన యూనికోడ్ ఫాంట్. పురుషోత్ కుమార్ గుత్తుల డిజైన్ చేయగా సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి వార్తల పాఠానికి సరిపడేలా చేసింది. తక్కువ చోటులో ఎక్కువ లైన్లు పట్టాలంటే ఒత్తుని అదుపులో పెట్టక తప్పదు.

మారింది ఏంటంటే, ఒత్తు ఇప్పుడు పొరుగుని చూసుకుంటుంది. సీసంలో త ఒత్తు ముక్క ఒక్కటే. స పక్కనున్నా, క పక్కనున్నా అదే దూరం, అదే ఎత్తు. ఓపెన్‌టైప్ ఫాంట్‌లో డిజైనర్ "స తర్వాత అయితే ఇంత ఎడమకి, రెండో ఒత్తు ఉంటే ఇంత చిన్నగా" అని రూల్స్ రాయొచ్చు. "రాష్ట్రం"లో ట, ర రెండు ఒత్తులూ ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కూర్చోవడం ఈ రూల్స్ పుణ్యమే.

రెండో మార్పు గీత మందంలో. ఫోన్లలో ఎక్కువగా చూసే నోటో సాన్స్ తెలుగు లాంటివి గీతని దాదాపు ఒకే మందంలో ఉంచుతాయి. దీనికి భిన్నంగా మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ చేసిన తెలుగు అక్షరాలు లావు సన్నం గీతలతో ఉంటాయి. 2015లో వచ్చిన ఆ సిరీస్ తొలి పుస్తకాల్లో అల్లసాని పెద్దన మనుచరిత్ర ఒకటి. అదే డిజైన్ ఇప్పుడు టిరో తెలుగు పేరుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒకే పేరా నోటోలో, టిరోలో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి స్క్రీన్‌లా, ఇంకోటి పుస్తకంలా అనిపిస్తుంది.

పాత రూపాలకి కూడా తలుపు మూసుకోలేదు. పాత పుస్తకాల్లో పొల్లు న-కి వేరే రూపం ఉండేది, నకారపొల్లు అంటారు. అది 2021లో యూనికోడ్ 14.0లో `U+0C5D`గా చేరింది. పాత పాఠాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించడానికి ఇప్పుడు ౯ లాంటి దొంగదారులు అక్కర్లేదు.

మన చేతిలో ఉన్న పని

మనలో చాలామంది ఇంకో రెండేళ్లలో ఏదో ఒక యాప్‌కి స్క్రీన్లు రాస్తాం. ఇంగ్లీష్ లెక్కతో బటన్ ఎత్తు కట్టేస్తే మొదట తెగేది ఒత్తే. సీసంలో తోక విరిగినట్టే, ఇక్కడ అడుగు తెగుతుంది. "రాష్ట్రం"లో కిందిది సగం పోతే చదివేవాళ్లు ఊహించుకుని చదువుతారు. మనిషి పేరులో ఒత్తు తెగితే పేరే మారిపోతుంది.

కనిపెట్టడం సులువు. మీ స్క్రీన్‌లో ప్రతి బటన్‌లో, ప్రతి లిస్టులో ఈ మూడు పదాలు పెట్టండి: రాష్ట్రం, లక్ష్మీ, చైతన్య. మొదటిదాంట్లో రెండు ఒత్తులు. రెండోదాంట్లో పైన గుడి దీర్ఘం, కింద ఒత్తులు, రెండు వైపులా ఎత్తు పరీక్ష. మూడోదాంట్లో ఐత్వం పైనా కిందా ఉంటుంది. అడుగు తెగినా, పై లైన్ ఒత్తు కింది లైన్ గుడిని తాకినా ఇలా మార్చండి:

```css
.telugu {
  line-height: 1.7;
  min-height: 2.8em;
  height: auto;
  overflow: visible;
}
```

1.7 మంత్రం కాదు. ఫాంట్‌ని బట్టి 1.5 సరిపోవచ్చు, 1.8 కావొచ్చు. ముఖ్యమైనది ఎత్తుని బిగించకపోవడం. పాత ప్రెస్‌లో కూడా ఇదే చేసేవారు. లైన్లకి మధ్య సన్నటి సీసపు పట్టీలు వేసి ఒత్తులకి ఊపిరాడే చోటు ఇచ్చేవారు. `line-height`ని డిజైనర్లు ఇప్పటికీ లెడింగ్ అని ఎందుకు అంటారో ఇప్పుడు తెలిసింది కదా, లెడ్ అంటే ఆ సీసమే.